సీలు వేసిన తర్వాత: గంజాయి కేసుల్లో నమూనా ప్రయాణం

గంజాయి పట్టుబడిన మర్నాడు పత్రికలో వచ్చే ఫొటో అందరికీ తెలిసిందే. ముందు వరసలో టేపు చుట్టిన పొట్లాలు, వెనక ముసుగులు వేసుకున్న నిందితులు, పక్కన అధికారులు. చదివేవాళ్లకు కేసు అక్కడితో ముగిసినట్టే ఉంటుంది. కానీ విచారణ మొదలైన రోజున న్యాయమూర్తికి ఆ ఫొటోతో పెద్దగా పని పడదు. ఆ రోజు బండిలో దొరికిన సరుకు, హైదరాబాద్ ల్యాబ్‌లో పరీక్షకు పెట్టిన సరుకు, ఇవాళ కోర్టు బల్ల మీదున్న సరుకు ఒకటేనా, ఆ మాట ఎవరు చెబుతారు, ఏ కాగితం చూసి చెబుతారు అన్నదే అక్కడ తేలాలి. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ ప్రశ్న తరచూ ఎదురవుతుంది. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు నుంచి మహారాష్ట్రకు పోయే గంజాయికి ఈ జిల్లాలు దారి. నాగపూర్ వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి ఆదిలాబాద్ మీదుగానే పెన్‌గంగ దాటుతుంది. ఆదిలాబాద్ ఏజెన్సీలో పత్తి, కంది చేలల్లో అంతరపంటగా వేసిన మొక్కలు కూడా ఏటా పట్టుబడుతూనే ఉన్నాయి.

హత్య కేసు అయితే సాక్ష్యం పలు దిక్కుల నుంచి వస్తుంది. చూసినవాళ్లుంటారు, ఆయుధం ఉంటుంది, ఫోను రికార్డులుంటాయి, పగకు కారణం ఉంటుంది. అందులో ఒకటి వీగిపోయినా మిగిలినవి కేసును మోయగలవు. గంజాయి కేసులో నేరమంతా ఆ ఎండిన పూగుత్తుల్లోనే ఉంది. అవి గంజాయి అని తేలాలి, ఎంత బరువో తేలాలి, ఈ నిందితుడి దగ్గరే దొరికాయని తేలాలి. ఆ మూడింటినీ కలిపి ఉంచేది నమూనా ఒక్కటే. మాదకద్రవ్యాల చట్టం, అంటే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, శిక్షల విషయంలో ఎంతో కఠినం. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. అప్పుడు పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల దాకా జైలు, లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. బెయిలు రావడం కూడా చాలా కష్టం. సరుకు స్వాధీనంలో ఉందని ప్రాసిక్యూషన్ రుజువు చేస్తే, తెలియకుండా ఉందని నిరూపించుకునే భారం చట్టం నిందితుడి మీదే పెట్టింది. ఇంత బరువు ఒకవైపు మోపిన చట్టం కాబట్టే, సరుకును పట్టి దాచి పంపే పద్ధతిలో కోర్టులు రెండో వైపు నుంచి అంత పట్టుదలగా లెక్క అడుగుతాయి. నిందితులకు అనుకూలమైన సాంకేతిక సాకులని వీటిని కొట్టిపారేసే వాళ్లతో నేను ఏకీభవించలేను. పదేళ్ల జైలుకు ఆధారమైన పొట్లం ఎవరి పొట్లమో చెప్పలేకపోతే శిక్షకు ఆధారమే లేదు.

మొదటి గంట, తర్వాతి రోజులు

భోరజ్ వైపు వెళ్తున్న ఒక కారులో టేపు చుట్టిన పన్నెండు పొట్లాలు దొరికాయనుకుందాం. తాసిల్దారు వచ్చారు, ఇద్దరు పంచులు వచ్చారు. 2020లో వీఆర్‌ఓ వ్యవస్థ పోకముందు ఈ పంచులు ఎక్కువగా వాళ్లే ఉండేవారు; ఆ తర్వాత వేరే శాఖల ఉద్యోగులనో ఊరివాళ్లనో వెతకాల్సి వచ్చింది. కాంటా తెచ్చి తూచారు. ఒక్కో పొట్లం 1.75 కిలోలు, మొత్తం 21 కిలోలు అని పంచనామాలో రాశారు. వాణిజ్య పరిమాణమని కేసు కట్టారు.

మొదటి తప్పు ఇక్కడే జరిగిపోయి ఉండవచ్చు. తూచింది గంజాయినా, పొట్లాన్నా? ఒక్కోదాని ప్లాస్టిక్ చుట్టలు, టేపు కలిసి వంద గ్రాములు ఉంటే, పన్నెండింటికి 1.2 కిలోలు. అది తీసేస్తే మిగిలేది 19.8 కిలోలు. అప్పుడది వాణిజ్య పరిమాణం కాదు. కనీసం పదేళ్లన్న నియమం వర్తించదు, బెయిలు మీద ఉన్న కఠిన షరతులూ వర్తించవు. మరో చిక్కు కూడా ఉంది. చట్టం గంజాయి అని పిలిచేది పూత, కాయ పట్టిన కొసలను. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. కట్టలో కొమ్మలూ ఆకులూ కలిపి తూచారా, కొసలెంతో విడదీసి చూశారా అని డిఫెన్స్ న్యాయవాది అడిగినప్పుడు పంచనామాలో జవాబు ఉండాలి. బరువును రెండుసార్లు, కవరుతో ఒకసారి, కవరు తీసి ఒకసారి రాయడానికి పట్టేది పావుగంట. రాయకపోతే ఆ అంకె మీద వచ్చిన అనుమానాన్ని ఏళ్ల తర్వాత ఎవరూ తీర్చలేరు.

ఇక నమూనా. గంజాయి విషయంలో ఒక్కో నమూనా 24 గ్రాములకు తగ్గకూడదు, జత నమూనాలు తీయాలి. ఇది 1989 నాటి స్టాండింగ్ ఆర్డర్‌లో ఉన్న లెక్కే, 2022 నిబంధనల్లోనూ కొనసాగింది. పొట్లాలన్నీ ఒకే తీరుగా ఉండి, అక్కడే చేసే ప్రాథమిక పరీక్షలో అన్నీ ఒకే ఫలితం ఇస్తే, గంజాయికి నలభై పొట్లాల దాకా ఒక లాటుగా కట్టవచ్చు. మన పన్నెండు ఒక లాటు. ఒక్కోదాని నుంచి నాలుగేసి గ్రాములు తీసి కలిపితే 48 గ్రాములు, అంటే సరిగ్గా రెండు నమూనాలు. ఒకటి ల్యాబ్‌కు, ఒకటి దాచడానికి. అన్ని పొట్లాలనుంచీ తీయకుండా పైనున్న రెండింటిలోంచి పిడికెడు తీసి నమూనా అంటే, ఆ రెండు పొట్లాల్లో గంజాయి ఉందని మాత్రమే రుజువవుతుంది. మిగతా పదింటిలో ఏముందో ల్యాబ్ చెప్పలేదు. 21 కిలోల కేసు అప్పుడు మూడున్నర కిలోల కేసుగా మిగులుతుంది.

నమూనాను ప్లాస్టిక్ కవరులో వేసి వేడితో అతికించి, దాన్ని కాగితపు కవరులో పెట్టి సీలు వేయాలి. కవరు మీద కేసు నంబరు, తేదీ, నమూనా గుర్తు, బరువు, సంతకాలు. పంచుల సంతకాల చీటీలు దారం కింద ఉండేలా కడతారు. లక్క కడ్డీని మంటకు పట్టి, కరిగిన బొట్టు దారం ముడి మీద పడ్డాక ఇత్తడి సీలు అదుముతారు. ఆ బొట్టు ముడి మీదే పడాలి. పక్కన పడితే లక్క చెక్కుచెదరకుండానే ముడి విప్పి మళ్లీ కట్టవచ్చు. ఆ సీలు అచ్చును ఒక కాగితం మీద విడిగా వేసి నమూనా సీలుగా ల్యాబ్‌కు పంపాలి. ల్యాబ్‌లో పొట్లం తీసుకునే వాళ్లు మొదట చూసేది లోపలి సరుకును కాదు. సీళ్లు ఎన్ని, చెదరకుండా ఉన్నాయా, పంపిన అచ్చుతో సరిపోతున్నాయా అని చూసి ఆ మాట రిపోర్టులో రాస్తారు. అచ్చు పంపకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక మాదకద్రవ్యాల కేసులో 2005లో సుప్రీంకోర్టు నిందితుణ్ణి వదిలేసిన హైకోర్టు తీర్పును నిలబెట్టింది. కారణాలు రెండు: మాల్‌ఖానా రిజిస్టరు కోర్టుకు తేలేదు, పోల్చుకోవడానికి సీలు అచ్చు ల్యాబ్‌కు వెళ్లలేదు.

సీలు వేసిన వ్యక్తి దగ్గరే ఆ ఇత్తడి ముద్ర ఉండిపోతే, పొట్లాలు కూడా ఆయన దగ్గరే ఉంటే, విప్పి మళ్లీ సీలు వేయలేదని నమ్మడానికి ఆయన మాట తప్ప ఇంకేమీ లేదు. చట్టంలోని 55వ సెక్షన్ ఇందుకే ఉంది. పట్టుకున్న అధికారి సరుకును స్టేషన్‌కు తెస్తే, స్టేషన్ హౌస్ ఆఫీసర్ దాన్ని తన అధీనంలోకి తీసుకుని నమూనాల మీద తన సీలు కూడా వేయాలి. అప్పుడు పొట్లం విప్పాలంటే ఇద్దరి ముద్రలూ కావాలి. ఒకే అధికారి పట్టుకుని, ఆయనే ఎస్‌హెచ్‌ఓగా దాచి, ఆయనే దర్యాప్తు చేసిన కేసుల్లో ఈ రెండో తాళం పేరుకే మిగులుతుంది.

అక్కడినుంచి ప్రయాణం మొదలవుతుంది. స్టేషన్ జనరల్ డైరీలో ఎంట్రీ, ప్రాపర్టీ రిజిస్టరులో వరుస నంబరు, కోర్టు ముందు హాజరు, ల్యాబ్‌లో ఏమేం పరీక్షించాలో చెప్పే లెటర్ ఆఫ్ అడ్వైజ్, పొట్లం పట్టుకుని హైదరాబాద్ వెళ్లే కానిస్టేబుల్, రెడ్‌హిల్స్ ఎఫ్‌ఎస్‌ఎల్‌లో ఇచ్చే రసీదు. ఆదిలాబాద్ నుంచి అది దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరం. ల్యాబ్ రిపోర్టు విషయంలో చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. ప్రభుత్వ శాస్త్రనిపుణుడి రిపోర్టును ఆయన కోర్టుకు రాకపోయినా సాక్ష్యంగా తీసుకోవచ్చు. పాత సీఆర్‌పీసీలో 293వ సెక్షన్, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్‌లో 329. ఈ వెసులుబాటు వల్ల ఒక పొరపాటు అలవాటైంది. రిపోర్టు మార్కు అయింది కదా, ఇక పొట్లం మోసుకెళ్లిన కానిస్టేబుల్‌ను పిలవడమెందుకని వదిలేస్తారు. రిపోర్టు చెప్పేది తనకు అందిన పొట్లంలో గంజాయి ఉందని మాత్రమే. ఆ పొట్లం ఎక్కడినుంచి వచ్చిందో రిపోర్టుకు తెలియదు. తెలిసింది కానిస్టేబుల్‌కు, మాల్‌ఖానా చూసే రైటర్‌కు. నమూనా చేతులు మారిన ప్రతిచోటా, సీలు చెదరకుండా నాకు అందింది, చెదరకుండా అప్పగించాను అని చెప్పేవాళ్లు బోనెక్కాలి. 1980లోనే సుప్రీంకోర్టు ఒక నల్లమందు కేసును ఈ ఒక్క కారణంతో కొట్టివేసింది. నమూనాలు ఎన్నో చేతులు మారాయి, ఆ చేతుల్లో కొన్ని సాక్ష్యం చెప్పలేదు.

మూడు కట్టలు, ఏడు సంచులు

ఈ చర్చకు తెలంగాణలోనే పూర్తి నిడివి ఉదాహరణ ఒకటుంది. 2009 మే 8న హైదరాబాద్ వెస్ట్ జోన్ టాస్క్‌ఫోర్స్ పోలీసులు సంగారెడ్డి వైపు నుంచి నగరానికి వస్తున్న ఒక టొయోటా క్వాలిస్‌ను ఆపారు. బండిలో మూడు కట్టలు, సుమారు 80 కిలోల గంజాయి అని కేసు. ట్రయల్ కోర్టు పదేళ్ల కఠిన కారాగారం, లక్ష జరిమానా వేసింది. 2022 నవంబరులో తెలంగాణ హైకోర్టు ఆ శిక్షను సమర్థించింది. 2024 మార్చి 1న సుప్రీంకోర్టులో జస్టిస్ బీఆర్ గవాయ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. ఎనభై కిలోలంటే వాణిజ్య పరిమాణానికి నాలుగింతలు. అంత పెద్ద కేసు ఎక్కడ తెగిందో చూస్తే, ఒక్కటీ పెద్ద కారణం కాదు.

సరుకు పట్టుకున్న అధికారి తన సాక్ష్యంలో మూడు నమూనాలు తీశానని, అందులో ఒకటి నిందితులకు ఇచ్చానని చెప్పారు. అంటే ల్యాబ్‌కు పంపడానికి మిగిలింది రెండు. దర్యాప్తు అధికారి మాత్రం తనకు మూడు పొట్లాలు అందాయని, మూడూ ల్యాబ్‌కు పంపానని చెప్పారు. ల్యాబ్‌కు చేరింది మూడే. రెండు పంపితే మూడు ఎలా చేరతాయి? ఈ కూడికకు ప్రాసిక్యూషన్ దగ్గర జవాబు లేదు. బహుశా ఇద్దరు అధికారుల్లో ఒకరు జ్ఞాపకం తప్పి చెప్పి ఉండవచ్చు. కానీ జ్ఞాపకం తప్పిందని తేల్చడానికి పనికొచ్చే కాగితం ఉండాలి, అదీ లేదు. నమూనాలను స్టేషన్ నుంచి ల్యాబ్‌కు మోసుకెళ్లిన ఉద్యోగిని సాక్షిగా పిలవనేలేదు. పట్టుకున్న నాటినుంచి ల్యాబ్‌కు చేరేదాకా నమూనాలు భద్రంగా ఉన్నాయన్న లంకెను ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిందని కోర్టు తేల్చింది.

బరువు దగ్గరా అదే. గంజాయితో పాటు పచ్చిమిరపకాయలు ఉన్నాయి. వాటిని విడదీయకుండా తూచారు. అప్పుడు 80 కిలోలు గంజాయి బరువా, మిర్చి కలిపిన బరువా? ఇక అసలు సరుకు. పట్టుకున్నప్పుడు మూడు కట్టలు. కోర్టు ముందుకు వచ్చినప్పుడు ఏడు కొత్త సంచులు. మూడింటిని ఏడింటిలోకి ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎవరి ఎదుట? కట్టలు చినిగిపోయి స్టేషన్‌లో ఎవరో సదుద్దేశంతోనే మార్చి ఉండవచ్చు. ఒక మెమో రాసి, పాత సీళ్లను భద్రపరిచి, మెజిస్ట్రేటుకు తెలియజేసి ఉంటే ఆ మార్పు తప్పయ్యేది కాదు. ఆ మెమో లేకపోవడంతో ఏడు సంచులకూ ఆ మూడు కట్టలకూ సంబంధమే లేకుండా పోయింది. మెజిస్ట్రేటు ఎదుట జాబితా, నమూనాలు తయారు చేయించే 52ఏ సెక్షన్ ప్రక్రియ అసలు జరగలేదు. ఇన్ని కలిశాక ల్యాబ్ రిపోర్టును కోర్టు చిత్తుకాగితంతో సమానంగా చూసింది.

ఈ తీర్పు చదివినప్పుడు నన్ను ఆపేసింది పదిహేనేళ్ల వ్యవధి. ఏడు సంచుల సంగతి, రెండు-మూడు నమూనాల సంగతి ట్రయల్ కోర్టు రికార్డులోనే ఉన్నాయి. ఎవరూ కొత్తగా కనిపెట్టినవి కావు. చార్జిషీటు వేసే ముందు ప్రాపర్టీ రిజిస్టరును, పంచనామాను, ల్యాబ్ రిపోర్టును పక్కపక్కన పెట్టి అంకెలు సరిచూస్తే ఒక పూటలో దొరికేవి. నిందితులు దోషులే అయితే శిక్ష తప్పిపోయింది. కాకపోతే నిర్దోషులు ఏళ్ల తరబడి శిక్ష నీడలో బతికారు. రెండింటిలో ఏది నిజమో ఇక ఎప్పటికీ తేలదు.

మాల్‌ఖానాలో ఏం జరుగుతుంది

నమూనా కథ ఒకటైతే, అసలు సరుకు కథ మరొకటి. ఆదిలాబాద్ చేలల్లో పీకిన మొక్కలు పచ్చిగా ఉంటాయి. వాటిని పాలిథిన్ సంచుల్లో కట్టి మూలన పడేస్తే చెమ్మ పట్టి నాలుగు రోజుల్లో బూజు పడుతుంది, ఆ తర్వాత కుళ్లిపోతుంది. ఆరబెడితే బరువు బాగా తగ్గుతుంది. రెండేళ్ల తర్వాత కోర్టులో తూచితే పంచనామా అంకెలో సగం కూడా రాకపోవచ్చు. మొక్కల పెంపకం కేసులో శిక్ష బరువును బట్టి మారదు, పదేళ్ల దాకా ఉంటుంది. అందుకని అక్కడ మొక్కల లెక్క, ఫొటోలు, చేను సర్వే నంబరు ముఖ్యం. రవాణా కేసులో బరువే శిక్షను నిర్ణయిస్తుంది కాబట్టి పట్టుకున్న రోజు సరుకు పచ్చిదా ఎండుదా అన్నది రాయాలి. అది రాసి ఉంటే తరుగుకు కారణం ఉంటుంది. లేకపోతే తరుగంతా ఎవరో తీసేసినట్టే కనిపిస్తుంది.

ఎలుకల సంగతి కూడా కట్టుకథ కాదు. 2023లో చెన్నైలో 22 కిలోల గంజాయి కేసులో దాదాపు సరుకంతా ఎలుకలు తిన్నాయని పోలీసులు చెప్పగా ఇద్దరు నిందితులు విడుదలయ్యారు. అంతకు ముందేడాది మథురలో 581 కిలోల విషయంలోనూ పోలీసులు అదే చెబితే, రుజువు చూపమని కోర్టు అడిగింది. 2016 జనవరి 28న మోహన్‌లాల్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు దేశమంతటా మాల్‌ఖానాల స్థితి చూసి ఆందోళన చెంది, రెండు తాళాల పద్ధతితో ప్రత్యేక గోదాములు కట్టమని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకు ఆరు నెలల గడువిచ్చింది. నమూనాలను పట్టుకున్న చోట కాకుండా మెజిస్ట్రేటు ఎదుటే తీయాలని స్పష్టంగా చెప్పిన తీర్పు కూడా అదే.

మన జిల్లాల్లో దీనికి మరో పొర ఉంది. 2016 అక్టోబరులో ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు విడిపోయాయి. జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ కొత్త జిల్లాలయ్యాయి. పోలీసు యూనిట్లు మారాయి. 2022 జూన్ 2న న్యాయ జిల్లాలు కూడా వేరయ్యాయి. పెండింగు కేసుల ఫైళ్లు ఒక కోర్టు నుంచి మరో కోర్టుకు పోవాలంటే వాటి వెంట వస్తువులూ పోవాలి. ఇలాంటి ప్రతి తరలింపులోనూ సీలు స్థితి రాసి, ఇచ్చిన చేతి సంతకం, పుచ్చుకున్న చేతి సంతకం ఉండాల్సిందే. ఫైలు చేరిందన్న రసీదుంటే వస్తువు చేరినట్టు కాదు.

అసలు సరుకును ఏళ్ల తరబడి దాచకుండా ఉండేందుకే 52ఏ సెక్షన్ తెచ్చారు. దర్యాప్తు అధికారి జాబితా తయారుచేసి మెజిస్ట్రేటుకు దరఖాస్తు పెడతారు. మెజిస్ట్రేటు జాబితా సరైనదని ధ్రువీకరిస్తారు, ఆయన ఎదుట ఫొటోలు, నమూనాలు తీస్తారు. ఇవి ప్రాథమిక సాక్ష్యంగా చెల్లుతాయి. తర్వాత డ్రగ్ డిస్పోజల్ కమిటీ అనుమతితో అసలు సరుకును కాల్చేయవచ్చు. 2022 డిసెంబరు 23న కేంద్రం నోటిఫై చేసిన నిబంధనలు దీనికి ఫారాలు, క్రమం ఇచ్చాయి. పద్ధతిగా చేస్తే బూజు, ఎలుకలు, ఏడు సంచులు అన్న సమస్యలన్నీ నెల రోజుల్లోనే తీరిపోతాయి. అయినా ఏజెన్సీ మండలాల స్టేషన్‌కు ఇది తేలికైన పని కాదు. క్వింటాళ్ల సరుకును కోర్టుకు తేవాలి, మెజిస్ట్రేటుకు తీరిక ఉండాలి, తూచే కాంటా, అతికించే యంత్రం ఉండాలి. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి పిలుపు వచ్చే రోజు దాకా సరుకు మళ్లీ స్టేషన్‌లోనే ఉంటుంది. ఆ మధ్య రోజులకు రికార్డు ఏదన్నదే కేసుకు కీలకం.

తీర్పులు ఎటు పోతున్నాయి

2023లో వరసగా వచ్చిన తీర్పుల్లో సుప్రీంకోర్టు 52ఏ పాటించని కేసులను కొట్టివేసింది. పంజాబ్ కేసు ఒకదానిలో, అక్కడికక్కడే తీసిన నమూనాల మీద ఆధారపడ్డ శిక్ష నిలవలేదు. దాంతో డిఫెన్స్ వాదన ఒక్క వాక్యానికి కుదించుకుపోయింది: 52ఏ జరిగిందా లేదా? కొన్నాళ్లు అదే సరిపోయింది కూడా. తర్వాత గాలి కొంత మళ్లింది. 2024 డిసెంబరులో ఒక ధర్మాసనం, ఈ సెక్షన్ పాటించడంలో జాప్యం ఒక్కటే బెయిలుకు కారణం కాదంది. 2025 జనవరి 6న ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన భారత్ అంబాలే కేసులో జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్‌ల ధర్మాసనం ఇంకా వివరంగా చెప్పింది. 52ఏ పాటించకపోవడం తనంతట తానుగా కేసును ముంచదు. పాటించకపోవడం వల్ల వస్తువు గుర్తింపు మీద, సాక్ష్యం మీద నిజమైన అనుమానం వచ్చిందా చూడాలి. లోపం ఉందని నిందితుడు ప్రాథమికంగా చూపాలి. చూపాక, సారంలో పాటించామనో, ఆ లోపం కేసును తాకలేదనో ప్రాసిక్యూషన్ సందేహానికి తావు లేకుండా నిరూపించాలి.

దీన్ని పోలీసులకు దొరికిన ఊరటగా చదివేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. ఒక సెక్షన్ పాటించారా లేదా అన్న టిక్కు మార్కుతో తేలిపోయే వాదన పోయి, ప్రతి రోజూ పొట్లం ఎక్కడుందో చూపమనే వాదన వచ్చింది. దానికి జవాబు రిజిస్టరులోనే ఉండాలి. లోపం కేసును తాకలేదని నిరూపించడానికి ప్రాసిక్యూషన్‌కున్న ఏకైక మార్గం లంకె సాక్ష్యమే. సీలు, మాల్‌ఖానా ఎంట్రీ, కానిస్టేబుల్ సాక్ష్యం, ల్యాబ్ రసీదు అన్నీ సరిపోలిన కేసు 52ఏలో చిన్న తడబాటు ఉన్నా నిలబడుతుంది. ఇవి లేని కేసుకు 2025 తీర్పు ఏమీ చేయదు.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 105వ సెక్షన్ సోదా, జప్తులను వీడియో తీసి ఆలస్యం లేకుండా మెజిస్ట్రేటుకు పంపమంటోంది. ఇది మంచి మార్పు. పంచులు ఎదురు తిరిగినా వీడియో మాట్లాడుతుంది. అయితే ఆ వీడియో చూపేది మొదటి గంటను. పైన చెప్పిన హైదరాబాద్ కేసు తెగింది ఆ గంట తర్వాతే. కట్టలు సంచులైన రోజు, నమూనాలు ల్యాబ్‌కు వెళ్లిన రోజు ఏ కెమెరా ఉండదు.

ఆ రోజులకు ఏం కావాలో డీఎన్‌ఏ కేసుల నుంచి నేర్చుకోవచ్చు. ఢిల్లీ ఛావ్లా హత్యాచారం కేసులో 2012 ఫిబ్రవరి 14, 16 తేదీల్లో తీసిన నమూనాలు 27వ తేదీ దాకా పోలీసు మాల్‌ఖానాలోనే ఉన్నాయి. ఆ రోజుల్లో ఎవరూ ముట్టలేదని చెప్పే ఆధారం లేక, మరణశిక్ష పడిన నిందితులను 2022 నవంబరులో సుప్రీంకోర్టు వదిలేసింది. 2025 జులై 15న తమిళనాడు కేసు తీర్పులో అదే కోర్టు ఒక అడుగు ముందుకేసి దేశమంతటికీ పద్ధతి నిర్దేశించింది. నమూనా తీసినప్పుడే వైద్యుడు, అధికారి, సాక్షుల పేర్లతో పత్రం రాయాలి. నలభై ఎనిమిది గంటల్లో ల్యాబ్‌కు చేర్చాలి, ఆలస్యమైతే కారణం రాయాలి. ట్రయల్ కోర్టు అనుమతి లేకుండా పొట్లం విప్పకూడదు. నమూనా తీసిన నాటినుంచి తీర్పు దాకా ప్రతి కదలికనూ ఒక కస్టడీ రిజిస్టరులో రాసి, దాన్ని కోర్టు రికార్డుకు జతచేయాలి. ఫారాలు తయారు చేయించాల్సిన బాధ్యత రాష్ట్రాల డీజీపీలది.

ఆ రిజిస్టరు డీఎన్‌ఏకే ఎందుకు పరిమితం కావాలి? గంజాయి నమూనాకూ అదే ఒక పేజీ చాలు: ఏ పొట్లం, ఎన్ని సీళ్లు, ఎవరి సీలు, ఏ తేదీ ఎన్ని గంటలకు, ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, అప్పుడు సీలు ఎలా ఉంది, ఇద్దరి సంతకాలు. సంచి చినిగి మార్చాల్సి వస్తే ఆ వరుసలోనే మార్చిన కారణం, పాత సంచి ఎక్కడుందో, ఎవరి ఎదుట మార్చారో. హైదరాబాద్ వెళ్లే కానిస్టేబుల్ ఆ పేజీ నకలు తీసుకెళ్లి ల్యాబ్ రసీదు నంబరు అందులోనే రాయించుకుని రావాలి. ఐదేళ్ల తర్వాత ఆయన ఉట్నూరు నుంచి బదిలీ అయి హుజూరాబాద్‌లో ఉన్నా, సమన్లు అందాక ఆ పేజీ చూసి బోనులో నాలుగు మాటలు చెప్పగలడు. చార్జిషీటుతో పాటే ఈ పేజీ కోర్టుకు వస్తే, నమూనాలు రెండా మూడా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా పోకుండా మొదటి వాయిదా నాడే తేలుతుంది. అది నిందితుడికి అనుకూలంగా తేలినా సరే.